కొత్త రచయితకు సైటూ ఉత్తరాలూ: బ్లాగర్, వర్డ్‌ప్రెస్, సబ్‌స్టాక్‌లలో ఏది మేలు?

బొబ్బిలి బావ ఈమధ్యే కథల పుస్తకం వేసుకున్నాడు. విజయనగరంలో ఆవిష్కరణ రోజు నోట్‌బుక్ పెడితే 62 మంది ఈమెయిల్ రాసిచ్చారు. మొదటి ఉత్తరం జీమెయిల్ నుంచి పంపుతూ బీసీసీలో పెట్టాల్సినవన్నీ సీసీలో పెట్టేశాడు, దాంతో అందరి అడ్రసులూ అందరికీ తెలిసిపోయాయి. "ఏటి చేసేదిప్పుడు?" అని ఫోన్ చేశాడు. బీసీసీలో పెట్టినా పూర్తిగా సరిపోదు. వద్దనుకున్నవాళ్లు తమంతట తాము తప్పుకునే లింక్ అందులో ఉండదు.

బావకి పుస్తకం కోసం ఒక సైటు, పాఠకులకు ఉత్తరాలు పంపే దారి, రెండూ కావాలి. సైటుకి వర్డ్‌ప్రెస్‌ని సొంత హోస్టింగ్‌లో, అంటే అద్దెకు తీసుకున్న సర్వర్‌లో పెట్టుకుంటే అంతా మన చేతిలోనే ఉంటుంది. అయితే అప్‌డేట్లు, బ్యాకప్‌లు కూడా మనమే చూసుకోవాలి, హోస్టింగ్ మొదటి ఏడాది చవగ్గా వచ్చి రెన్యూవల్‌కి పెరుగుతుంది. ఉత్తరాలకు ఇంకో సర్వీసు కావాలి. దానిలోంచి @gmail.com అడ్రసుతో పంపితే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. సొంత డొమైన్ అడ్రసు పెట్టుకుని, దాని సెట్టింగుల్లో ఆ మెయిల్ మనదేనని రుజువు చేసే SPF, DKIM రికార్డులు చేర్చాలి. బావకి ఇది చెబుతుంటే ఫోన్‌లో ఆవలింత వినబడింది.

బ్లాగర్ ఉచితం, సొంత డొమైన్ కలుపుకున్నా వాళ్లు డబ్బులు అడగరు, మనకి డొమైన్ ఖర్చొక్కటే. కాకపోతే ఉత్తరాలు పంపదు, కొత్త పోస్టులను మెయిల్‌లో పంపిపెట్టిన ఫీడ్‌బర్నర్ ఈమెయిల్ 2021లోనే ఆగిపోయింది. ఇంకో చిక్కు, శీర్షిక తెలుగులో ఉంటే లింక్‌లో ఆ అక్షరాలు రాలిపోయి `blog-post_14.html` లాంటిది మిగులుతుంది. అందుకే పబ్లిష్ నొక్కకముందే కస్టమ్ పెర్మాలింక్‌లో ఇంగ్లీషు అక్షరాలతో `maa-oori-cheruvu` అని ఇచ్చుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు ఉంటుంది గానీ వాట్సాప్‌లో అతికిస్తే `%E0%B0` అంటూ మూరెడు పొడుగు తోక వస్తుంది, అక్కడా స్లగ్, అంటే లింక్ చివరి ముక్క, మార్చుకోవాల్సిందే.

సబ్‌స్టాక్‌లో ఉత్తరం రాయడం, పంపడం, తప్పుకునే లింక్ అన్నీ ఒకేచోట, ఉచితంగా ఉంటాయి. చందా డబ్బులు పెడితే పది శాతం వాళ్లది. పైగా దానికి డబ్బులు వసూలు చేసిపెట్టే స్ట్రైప్ ఖాతా కావాలి, ఇండియాలో 2024 నుంచి అది ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇస్తున్నారు, కాబట్టి ఇక్కడ చందా ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు. సొంత డొమైన్ కలపాలంటే ఒకసారికి 50 డాలర్లు.

నా ఓటు రెండు కలిపి వాడటానికే: సొంత డొమైన్ బ్లాగర్‌కి, ఉత్తరాలు సబ్‌స్టాక్‌లో. పుస్తకం వెనక అట్ట మీద వేసేది మన డొమైనే కాబట్టి, రేపు ఉత్తరాల సర్వీసు మార్చినా అట్ట మార్చక్కర్లేదు. నాలుగు పేజీలు చాలు. పరిచయం, పుస్తకం, పూర్తిగా చదువుకునే ఒక కథ, ఉత్తరాలకు పేరిచ్చే చోటు. పుస్తకం పేజీలో అట్ట బొమ్మ, వెల, పోస్టు ఖర్చు, తెప్పించుకునే దారి ఉండాలి. బావ మొదట ముందుమాటంతా ఎక్కించాడు, వెల మాత్రం మర్చిపోయాడు!

నోట్‌బుక్‌లోని 62 పేర్లు ఎక్సెల్‌లో కొట్టి, సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసి సబ్‌స్టాక్‌లోకి ఎక్కించాం. వాట్సాప్ గ్రూపుల్లో ఏరిన అడ్రసులు కూడా కలుపుదామన్నాడు, వద్దన్నాను, అడగనివాళ్లు స్పామ్ అని నొక్కితే అడిగినవాళ్లకీ మెయిల్ చేరడం కష్టమవుతుంది. జాబితాని నెలకోసారి సీఎస్‌వీగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమన్నాను. నోట్‌బుక్ మాత్రం అక్క బీరువాలో దాచేసింది.