షిఫ్ట్ మొదలయ్యాక మెలకువ వస్తే: ఫోనా, మెసేజా, ఎదుటపడి చెప్పడమా?

ఉదయం షిఫ్ట్ 6 గంటలకు. మీకు మెలకువ వచ్చేసరికి 6:20. ఇంటి నుంచి పనిచోటికి 35 నిమిషాల దారి. ఇప్పుడు సూపర్‌వైజర్‌కు ఒక మెసేజ్ పడేయాలా, ఫోన్ చేయాలా, ఎలాగూ వెళ్తున్నాం కదా అని నేరుగా వెళ్లి సారీ చెప్పాలా?

ముందు అవతలివైపు ఏం జరుగుతోందో చూడాలి. 6 గంటలకు ఒక మనిషి తక్కువని తెలియగానే సూపర్‌వైజర్‌కు తట్టే ప్రశ్న ‘ఎందుకు రాలేదు’ అన్నది కాదు, ‘అసలు వస్తాడా, రాడా’ అన్నది. వస్తాడని తెలిస్తే రాత్రి షిఫ్ట్ మనిషిని కాసేపు ఉండమని అడగవచ్చు. రాడని తేలితే ఇంకొకరిని పిలిపించాలి. ఏదీ తెలియకపోతే రెండూ చేయలేరు. అటు రాత్రంతా పనిచేసిన మనిషి మీకు చార్జ్ అప్పగించి ఇంటికి వెళ్దామని గడియారం చూస్తూ ఉంటారు. మీ క్షమాపణ కన్నా ముందు వాళ్లిద్దరికీ కావలసింది మీరు ఎన్నింటికి వస్తారన్న కబురు.

అందుకే నేరుగా వెళ్లి చెప్పడం అన్నది మొదటే తేలిపోతుంది. అక్కడికి చేరేసరికి 7 దాటుతుంది. ఆ గంటా మీ నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, తర్వాత ఎంత వినయంగా మాట్లాడినా ‘ఒక్క ఫోన్ చేయలేకపోయావా’ అన్న మాట పడక తప్పదు. దానికి జవాబు ఉండదు.

మిగిలింది మెసేజ్, ఫోన్. మెసేజ్ పెట్టడం సుఖం. అవతలి గొంతు వినక్కర్లేదు, తిట్లు తప్పుతాయి. కానీ షిఫ్ట్ మొదలయ్యే వేళ సూపర్‌వైజర్ ఫోన్ చూస్తూ కూర్చోరు. మీరు 6:22కు పంపింది 6:50కి చదివితే ఆ కబురు ఎవరికీ పనికిరాదు. కాబట్టి నా ఓటు ఫోన్‌కే. ఎత్తకపోతే వెంటనే అదే సంగతి మెసేజ్‌లో పెట్టండి. పనిచోట ఫోన్లు లోపలికి అనుమతించకపోతే ఆఫీసు నంబరుకో, గేటు దగ్గరి నంబరుకో చేయాలి. టీమ్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఇరవై మంది ముందు చెబితే ఆయన ఇచ్చే జవాబు కూడా ఇరవై మందికీ చెప్పే జవాబే అవుతుంది, కాస్త మెత్తగా మాట్లాడదామనుకున్నా మాట్లాడలేరు.

ఫోన్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగాలి. ఉలిక్కిపడి లేచిన మెదడు పూర్తిగా తేరుకోవడానికి మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ మత్తులో లెక్కలు తప్పుతాయి, నోటికి ముందు వచ్చేది సాకే. మొహాన నీళ్లు చల్లుకుని, చేరే సమయాన్ని కాగితం మీద వేసుకోండి. ఫోన్‌కు, తయారవడానికి కలిపి 15 నిమిషాలు, దారి 35 నిమిషాలు అంటే 7:10. మీరు చెప్పాల్సింది 7:15. కంగారులో ‘6:50కల్లా ఉంటా’ అనేసి 7:10కి చేరితే ఒకే ఉదయం రెండుసార్లు లేటయినట్టు. 7:15 అని చెప్పి 7:10కి చేరితే, మీ మాట మీద కాస్త నమ్మకం అక్కడే తిరిగి మొదలవుతుంది. ఆ మత్తులోనే బండి వేగంగా నడిపి ఆ ఐదు నిమిషాలు కలిసివచ్చేలా చేద్దామనుకోవద్దు.

ఇక ఏం చెప్పాలి? రెండు రకాల మాటలు పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది: “సారీ సార్, సారీ సార్, అలారం మోగలేదు సార్. నిన్న కూడా లేటుగా వదిలారు కదా, ఇంట్లో కూడా ఎవరూ లేపలేదు. దారిలోనే ఉన్నా సార్, పది నిమిషాల్లో వచ్చేస్తా.”

రెండోది: “సార్, నేను టైమ్‌కి నిద్ర లేవలేదు. తప్పు నాదే, సారీ. ఇప్పుడే లేచాను, 7:15కల్లా అక్కడుంటాను. నిన్న సగంలో ఆగిన సరుకు లిస్టు నా టేబుల్ సొరుగులో ఉంది. అంతవరకు నా చోట ఎవరినైనా పెట్టాలంటే పెట్టండి.”

మొదటి దానిలో సారీ రెండుసార్లు ఉంది, కానీ తప్పు ఫోన్‌ మీదికీ, నిన్న లేటుగా వదిలినవాళ్ల మీదికీ, ఇంట్లోవాళ్ల మీదికీ వెళ్లింది. అందులో ఒకటి వింటున్న సూపర్‌వైజర్‌కే తగులుతుంది. పైగా పది నిమిషాలన్నది అబద్ధం, అరగంటలో బయటపడుతుంది. రెండో దానిలో సారీ ఒక్కసారే ఉన్నా ఆయనకు కావలసినవన్నీ ఉన్నాయి. సగంలో ఆగిన పని ఎక్కడుందో చెప్పడం చాలామందికి తట్టదు. మీ చోట నిలబడే మనిషికి నిజంగా పనికొచ్చేది అదే.

కారణం అసలే చెప్పకూడదా అంటే, అడిగితే చెప్పాలి. ‘అలారం మోగలేదు’ అంటే తప్పు ఫోన్‌ది అవుతుంది. ‘అలారం ఆపేసి మళ్లీ పడుకున్నాను’ అంటే అదీ కారణమే, కానీ మీది. ఒక్క వాక్యంతో ఆపేయండి. కారణం పొడుగయ్యేకొద్దీ అది వాదనలా వినిపిస్తుంది.

2016లో రాయ్ లెవికీ, ఆయన సహ పరిశోధకులు క్షమాపణలోని ఆరు భాగాలను విడదీసి, ఏది ఎంత పనిచేస్తుందో జనాన్ని అడిగి చూశారు. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది తప్పు నాదే అని ఒప్పుకోవడం. తర్వాతి స్థానం దాన్ని సరిచేస్తానని ముందుకు రావడానిది. ‘నన్ను క్షమించండి’ అని అడగడం చిట్టచివర ఉంది. అయితే అందులో పాల్గొన్నవాళ్లు క్షమాపణలను చదివారే తప్ప వినలేదు. ఫోన్‌లో గొంతు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి నెమ్మదిగా మాట్లాడండి.

చేరాక కూడా ఒక ఎంపిక ఉంటుంది. ముందు సూపర్‌వైజర్ దగ్గరికా, పని దగ్గరికా? ముందు రిపోర్ట్ చేయాలన్న నియమం లేకపోతే పని దగ్గరికే వెళ్లమంటాను. మీ కోసం ఆగిపోయిన మనిషికి ‘నా వల్ల మీకు గంట పైన ఆలస్యమైంది, సారీ’ అని చెప్పి చార్జ్ తీసుకుని పంపించండి. సూపర్‌వైజర్‌కు ‘వచ్చాను సార్, చార్జ్ తీసుకున్నాను’ అన్న ఒక్క ముక్క చాలు. మిగతాది ఆయన కాస్త తీరికగా ఉన్నప్పుడు, పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడండి. అప్పుడు కూడా ‘సాయంత్రం ఉండి చేస్తాను’ అని మీరే తేల్చేయకండి. అదనపు గంటలకు చాలాచోట్ల అనుమతి కావాలి, ఆయనకు అదో కొత్త తలనొప్పి. ‘పోయిన గంటను ఎలా సర్దమంటారు?’ అని అడగడం మేలు. జీతంలో కోత అంటే ఒప్పుకోండి. లేట్ రిజిస్టర్‌లో కారణం రాయాల్సి వస్తే ఫోన్‌లో చెప్పిందే రాయండి. అక్కడ ‘ట్రాఫిక్’ అని రాస్తే ఉదయం చెప్పిన నిజం కూడా అనుమానంలో పడుతుంది.

ఒక్కోసారి అసలు కారణం నిజంగానే షిఫ్టుల పట్టికలో ఉంటుంది. రాత్రి 10కి వదిలి మర్నాడు 6కి రమ్మంటే మధ్యలో ఉన్నవి 8 గంటలే, అందులో రానుపోను దారి, తిండి పోతే నిద్రకు మిగిలేది ఎంత? ఇది చెప్పాల్సిన మాటే, కానీ ఆ రోజు కాదు. క్షమాపణతో కలిపితే రెండూ చెడతాయి. నాలుగైదు రోజులు టైమ్‌కి వచ్చాక, ఏ తేదీల్లో అలా పడిందో రాసుకుని వెళ్లి, ‘రాత్రి 10కి వదిలే షిఫ్ట్ తర్వాత మర్నాడే ఉదయం షిఫ్ట్ పడకుండా మార్చడానికి వీలుంటుందా సార్?’ అని విడిగా అడగండి.