ఎఫ్‌ఓబీనా, సీఐఎఫ్‌నా: చిన్న లోడుకు ఏది మేలు?

"సప్లయర్ రెండు రేట్లు పంపాడు. ఎఫ్‌ఓబీ అయితే 4 డాలర్లు, సీఐఎఫ్ అయితే 4.06. ఆరు సెంట్లకే మన పోర్టు దాకా చేరుస్తానంటుంటే ఎఫ్‌ఓబీ ఎందుకండీ?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఎఫ్‌ఓబీ అంటే సరుకును తన పోర్టులో ఓడ ఎక్కించేదాకానే సప్లయర్ ఖర్చు. సీఐఎఫ్ అంటే మన పోర్టు దాకా ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కూడా అతని రేటులోనే. సరుకు మారుతుంది, అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, ప్రశ్న మాత్రం అదే. కంటైనర్ నిండని సరుకు, అంటే ఎల్‌సీఎల్‌లో వచ్చే చిన్న లోడుల గురించే ఇక్కడ రాస్తున్నాను. ఫుల్ కంటైనర్ లెక్క వేరు, దాని సంగతి చివర్లో.

నా మొగ్గు ఎఫ్‌ఓబీ వైపే. అందుకు కారణం సముద్రపు కిరాయి కాదు, సరుకు దిగాక వచ్చే బిల్లు.

వెయ్యి స్టీలు నీళ్ల సీసాలు తెప్పిస్తున్నామనుకుందాం. కార్టనుకు 25 చొప్పున 40 కార్టన్లు. ఒక్కో కార్టను 50 × 50 × 30 సెంటీమీటర్లు, అంటే 0.075 క్యూబిక్ మీటర్లు. మొత్తం 3 క్యూబిక్ మీటర్లు, బరువు దాదాపు 480 కిలోలు. ఎల్‌సీఎల్‌లో ఒక క్యూబిక్ మీటరునూ ఒక టన్నునూ సమానంగా చూసి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వేస్తారు. ఇక్కడ బరువు అర టన్ను కూడా లేదు కాబట్టి లెక్కంతా ఘనపరిమాణం మీదే, 3 క్యూబిక్ మీటర్ల మీదే నడుస్తుంది. ఇకపై మీటరు అంటే క్యూబిక్ మీటరే. డ్యూటీ 10 శాతం అనుకుందాం. పట్టికలో ఫార్వర్డర్ అంటే సరుకు రవాణా ఏర్పాట్లు చూసే సంస్థ. రేట్లన్నీ ఉదాహరణకు వేసుకున్నవే, మీ సరుకుకు మీ రేట్లు పెట్టుకోండి.

| | ఎఫ్‌ఓబీ | సీఐఎఫ్ |
|---|---|---|
| సప్లయర్‌కు కట్టేది | 4,000 | 4,060 |
| ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ | 155 | రేటులోనే ఉంది |
| డ్యూటీ | 415.50 | 406 |
| దిగుమతి పోర్టులో ఫార్వర్డర్ చార్జీలు | 180 | 550 |
| క్లియరింగ్ ఏజెంటు ఫీజు, లోకల్ రవాణా | 220 | 220 |
| మొత్తం, డాలర్లలో | 4,970.50 | 5,236 |
| సీసాకు | 4.97 | 5.24 |

మొదటి మూడు వరుసలు మాత్రమే చూస్తే సీఐఎఫ్‌దే గెలుపు. కిరాయిలో 95 డాలర్లు మిగిలాయి, డ్యూటీలోనూ కాస్త తగ్గింది. నాలుగో వరుస దగ్గర కథ తిరగబడింది. సీసాకు 27 సెంట్లు ఎక్కువ పడింది. ఐదు శాతం పైచిలుకు తేడా అంటే, పలచని మార్జిన్ మీద నడిచే సరుకులో లాభం చాలావరకు దానికే పోతుంది.

ఆ 550 ఎక్కడి నుంచి వచ్చింది? సీఐఎఫ్‌లో ఫార్వర్డర్‌ను ఎంచుకునేది సప్లయర్. ఆ ఫార్వర్డర్ సప్లయర్ వ్యాపారం కోసం ఓడ కిరాయిని బాగా తగ్గించి కోట్ చేస్తాడు. కొన్ని రూట్లలో సున్నాకి కూడా ఇస్తారు, ఎదురు కమీషన్ ఇచ్చి మరీ సరుకు పట్టుకునే సందర్భాలూ ఉన్నాయి. ఆ లోటును పూడ్చేది దిగుమతి పోర్టులో ఉండే అతని ఏజెంటు. కంటైనర్ విప్పి సరుకు వేరుచేసినందుకు, గోడౌన్ హ్యాండ్లింగుకు, డెలివరీ ఆర్డరుకు, డాక్యుమెంట్లకు అని రకరకాల పేర్లతో మీటరుకు ఇంత, ఓడ రవాణా పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌కు ఇంత అని బిల్లు చేస్తాడు. మన ఉదాహరణలో మీటరుకు 130 చొప్పున 390, పైన స్థిర చార్జీలు 160. అదే పని మీరు పెట్టుకున్న ఫార్వర్డర్ దగ్గర మీటరుకు 35, స్థిరంగా 75. పనిలో తేడా ఏమీ లేదు. తేడా ఎక్కడంటే, మీ ఫార్వర్డర్ ముందు కోట్ ఇచ్చాడు, ఇంకొకరి కోట్‌తో పోల్చుకునే వీలు మీకుంది. సీఐఎఫ్ ఏజెంటు బిల్లు మీకు అందేసరికి సరుకు అతని గోడౌన్‌లో ఉంటుంది. అతను డెలివరీ ఆర్డర్ ఇస్తేగానీ సరుకు కదలదు. బేరం ఆడదామంటే గోడౌన్ అద్దె రోజులు లెక్కపెడుతూ ఉంటుంది.

అందుకే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. సప్లయర్‌కు కట్టే సీఐఎఫ్ మొత్తంలోంచి ఎఫ్‌ఓబీ మొత్తం తీసేసి, మిగిలినదాన్ని క్యూబిక్ మీటర్లతో భాగించండి. ఇక్కడ 60 భాగించు 3, అంటే మీటరుకు 20 డాలర్లు, అందులోనే ఇన్సూరెన్స్ కూడా. బయట ఫార్వర్డర్ అదే రూటుకు 45 అంటున్నప్పుడు 20కి ఎలా వస్తోంది? మిగతాది ఎవరో కడుతున్నారన్నమాట, ఆ ఎవరో మీరే. అలాగని సీఐఎఫ్ రేటు కిరాయికి దగ్గరగా ఉన్నంత మాత్రాన అవతలి బిల్లు మామూలుగా ఉంటుందని హామీ ఏమీ లేదు. అసలు అంకె కావాలంటే సప్లయర్‌ను ఒకటే అడగండి: "మా పోర్టులో డెలివరీ ఇచ్చే ఏజెంటు ఎవరు, అతని చార్జీల పట్టిక పంపండి." ఏజెంటు పేరు బిల్ ఆఫ్ లేడింగ్‌లోనే, సరుకు డెలివరీకి ఎవరిని సంప్రదించాలో చెప్పే గడిలో ఉంటుంది. కాబట్టి డ్రాఫ్ట్ వచ్చినప్పుడు సరిచూసుకోవచ్చు. పట్టిక ఆర్డరుకు ముందే కావాలి. ఓడ కదిలాక వచ్చే పట్టికతో పని లేదు.

కొలత దగ్గర ఇంకో తిరకాసు ఉంది. సప్లయర్ ప్యాకింగ్ లిస్టులో 3 మీటర్లని రాస్తాడు. గోడౌన్‌లో మళ్లీ కొలుస్తారు. కార్టన్లు నిండుగా కుక్కితే ఉబ్బుతాయి. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటీ 2 సెంటీమీటర్లు పెరిగి 52 × 52 × 32 అయితే మొత్తం 3.46 మీటర్లు అవుతుంది. అంటే కంటికి ఆనని ఉబ్బుకి 15 శాతం పెరుగుదల. ఎఫ్‌ఓబీలో ఆ 0.46కు కిరాయి, పోర్టు చార్జీలు రెండూ కలిపి మీటరుకు 80 చొప్పున 37 డాలర్లు. సీఐఎఫ్‌లో పోర్టు చార్జీ ఒక్కటే 60 డాలర్లు. సప్లయర్‌ను ప్యాకింగ్ అయ్యాక ఒక కార్టను మీద కొలత టేపు పెట్టి ఫొటో పంపమనండి, కాస్త విసుక్కున్నా పంపుతారు.

డ్యూటీ విషయంలో చాలామంది కంగారు పడతారు గానీ, ఈ ఎంపికలో దాని పాత్ర చిన్నదే. చాలా దేశాల్లో కస్టమ్స్ విలువ సీఐఎఫ్ మీదే కడతారు. మీరు ఎఫ్‌ఓబీలో కొన్నా కిరాయి, ఇన్సూరెన్స్ కలిపాకే డ్యూటీ పడుతుంది. అమెరికా లాంటి కొన్ని దేశాలు మాత్రం అంతర్జాతీయ రవాణా ఖర్చును విలువలో కలపవు. డబ్ల్యూటీవో కస్టమ్స్ వాల్యుయేషన్ ఒప్పందం 8వ ఆర్టికల్ ఈ నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలింది. పైన పట్టికలో సీఐఎఫ్‌కు డ్యూటీ తొమ్మిదిన్నర డాలర్లు తగ్గడానికి కారణం, కిరాయి భారాన్ని దిగిన తర్వాతి బిల్లులోకి తోసేయడం. దిగుమతి తర్వాతి ఖర్చులు విడిగా చూపితే సాధారణంగా కస్టమ్స్ విలువలోకి రావు. ఆ తొమ్మిదిన్నర కోసం 370 ఎక్కువ కట్టినట్టు అయింది. డ్యూటీ మీద పడే వ్యాట్ లేదా జీఎస్టీని ఇక్కడ వదిలేశాను. తిరిగి క్రెడిట్ వచ్చేవాళ్లకు అది ఖర్చు కాదు, రానివాళ్లు మాత్రం సీసా ధరలో కలుపుకోవాల్సిందే.

మారకం రేటు దగ్గర మాత్రం రెండింట్లోనూ తప్పు లెక్క వేసేవాళ్లే ఎక్కువ. కస్టమ్స్ వాళ్లు డ్యూటీ కోసం వాడే రేటునే వీళ్లు సరుకు ఖర్చు మొత్తానికీ పెట్టేస్తారు. ఆ రేటు డ్యూటీకే. సరుకు ఖర్చుకు మీ బ్యాంకు నిజంగా కోసిన రేటు కావాలి, అది కూడా విడతలవారీగా. డాలరుకు 100 యూనిట్లు ఉన్నప్పుడు 30 శాతం అడ్వాన్సు కట్టి, 103 అయ్యాక మిగతా 70 శాతం కట్టారనుకోండి. మీ రేటు 102.1. బ్యాంకు పంపకపు చార్జీలు దీనికి అదనం. సీఐఎఫ్‌లో మూడో రేటు ఒకటి తగులుతుంది. అవతలి ఏజెంటు తన చార్జీలను డాలర్లలో రాసి, స్థానిక కరెన్సీలో తన సొంత రేటుకు మార్చి వసూలు చేస్తుంటాడు. అతను 106 వేస్తే 550 డాలర్ల మీద, మీ 102.1తో పోలిస్తే, 2,145 యూనిట్లు అదనం. మీ సొంత ఫార్వర్డర్ కూడా ఈ పని చేయొచ్చు. కాకపోతే కోట్ దగ్గరే "ఏ రోజు రేటు, ఎవరి రేటు" అని రాయించుకోవచ్చు.

ఇన్సూరెన్స్ గురించి రెండు మాటలు. సీఐఎఫ్ కింద సప్లయర్ తీసుకోవాల్సిన కనీస కవరు, ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ అనే ప్రామాణిక పాలసీ షరతుల్లో 'సి' రకానిది. ఓడ మునగడం, అగ్నిప్రమాదం లాంటివి వస్తాయి. దొంగతనం, కార్టన్లు తడవడం అందులో రావు. ఎఫ్‌ఓబీలో మీరే 'ఎ' రకం క్లాజు పాలసీ తీసుకుంటే అవీ కవరవుతాయి. వెయ్యిలో 20 సీసాలు పనికిరాకుండా వస్తే ఎఫ్‌ఓబీ 4,970.50ని 980తో భాగించాలి. సీసా ధర 5.07కి చేరుతుంది. క్లెయిమ్ వచ్చే పాలసీ ఉంటే కొంతైనా తిరిగొస్తుంది.

ఇక మిగతావి. సప్లయర్ తన ఫ్యాక్టరీ దగ్గరే సరుకు అప్పగించే ఎక్స్‌వర్క్స్‌లో ఎగుమతి క్లియరెన్స్ కూడా మీ నెత్తిన పడుతుంది, పాత సప్లయర్ అయితే తప్ప అంత తలనొప్పి అనవసరం. డ్యూటీ కూడా సప్లయరే కట్టి మీ దగ్గరికి చేర్చే డీడీపీ హాయిగా కనిపిస్తుంది గానీ, దిగుమతి మీ పేరు మీద లేకపోతే పన్ను క్రెడిట్ ఇబ్బంది, విలువ తక్కువ చూపించారేమోనన్న టెన్షన్. కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ బదులు, మీరు పెట్టుకున్న రవాణాదారుకు అప్పగించగానే సప్లయర్ బాధ్యత తీరే ఎఫ్‌సీఏ రాయమని, ఈ షరతులను రూపొందించే ఐసీసీ చెబుతుంది. ఎందుకంటే సరుకును ఓడ ఎక్కేముందే టెర్మినల్‌లో అప్పగిస్తారు. వీలైతే అలాగే రాయండి, ఖర్చు లెక్క పెద్దగా మారదు.

సీఐఎఫ్ తీసుకోదగ్గ చోట్లు రెండున్నాయి. ఒకటి, లోడు ఒక మీటరు కంటే తక్కువ ఉన్నప్పుడు. మీ ఫార్వర్డర్ మినిమం చార్జీయే మీ ఆదాను మింగేయొచ్చు, అప్పుడు పట్టిక తెప్పించుకుని రెండూ పోల్చాలి. రెండోది ఫుల్ కంటైనర్. అక్కడ షిప్పింగ్ లైన్ బిల్ ఆఫ్ లేడింగ్ నేరుగా వస్తే పోర్టు చార్జీలు లైన్ ప్రకటించిన టారిఫ్ ప్రకారమే పడతాయి, మధ్యలో ఏజెంటు పెంచే వీలు తక్కువ. ఏడాదికి వందల కంటైనర్లు పంపే సప్లయర్‌కు లైన్ దగ్గర మీకంటే మంచి కాంట్రాక్టు రేటు ఉండటం మామూలే. అలాంటప్పుడు నేనైతే బిల్ ఆఫ్ లేడింగ్ లైన్‌దేనా అని ఒకసారి అడిగి, సీఐఎఫ్‌కే ఓకే చెప్పేస్తాను. ఇన్సూరెన్స్ మాత్రం విడిగా నేనే తీసుకుంటాను.