గుండ్రటి మూత మీది రాతని చదివించడం: రెండేళ్ల వాడకం తర్వాత

మాది డీటీపీ షాపు. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసి అమ్మే చిన్న చిన్న వాళ్లు పాత సీసా మూత ఒకటి తెచ్చి "ఇలాంటి స్టిక్కరే మళ్లీ కావాలి, ఫైలు లేదు" అంటారు. ఫైలు ఎప్పుడూ ఉండదు. ముందు చేసిన షాపు మూసేసి ఉంటుంది, లేదా కంప్యూటర్ పోయి ఉంటుంది. అందుకని మూత మీద ఉన్నదంతా మళ్లీ టైప్ చేయాలి. మూత గుండ్రం, రాతా గుండ్రమే. మూతని చేతిలో తిప్పుకుంటూ మెడ వంచి చదవడం, ఒక్కో మూతకీ పావుగంట. రెండేళ్ల కిందట ఈ పనిని పైథాన్‌లో బొమ్మల్ని సరిచేసే OpenCVకి, బొమ్మలోని రాతని చదివే Tesseractకి అప్పజెప్పాను. వాటిని ఎలా ఎక్కించుకోవాలో అందరూ రాశారు కాబట్టి అది వదిలేస్తున్నా.

ముందు నచ్చింది చెప్తాను. `warpPolar` అని ఒక్క ఫంక్షన్ ఉంది. మూత కేంద్రం ఎక్కడో, వ్యాసార్థం ఎంతో చెప్తే చాలు, చుట్టూ ఉన్న రాతని విప్పి తిన్నగా పొడవాటి పట్టీలా పరిచేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గాజుల అట్ట విప్పి బల్ల మీద పరిచినట్టు అనిపించింది. అందులో నేను వాడేది ఇంతే:

```python
R, r = 640, 560
s = cv2.warpPolar(img, (R, int(6.2832*r)), (cx, cy), R, cv2.INTER_CUBIC)
s = cv2.rotate(s, cv2.ROTATE_90_COUNTERCLOCKWISE)
s = cv2.hconcat([s, s])
```

ఇక్కడ `R` మూత అంచు వరకు దూరం, `r` అక్షరాలు కూర్చున్న వలయం వరకు దూరం, రెండూ పిక్సెల్స్‌లో. ఈ `r` ఎందుకంటే, కొలత మనం ఇవ్వకుండా సున్నాలు పెడితే అది పట్టీ పొడవుని `R`కి 3.14 రెట్లే తీసుకుంటుంది. చుట్టుకొలత 6.28 రెట్లు కదా. అంటే అంచు దగ్గర అక్షరాలు అడ్డంగా సగానికి నొక్కుకుపోతాయి. తెలుగు అక్షరం అసలే గుండ్రం, దాన్ని నొక్కితే ప, వ ఒకటే అవుతాయి. మొదటి వారం నాకు ప్రతి ఆవకాయా ఆపకాయగానే వచ్చింది. Tesseractకి తెలుగు సరిగా రాదని అందరికీ చెప్పుకుని తిరిగాను. తప్పు నాదే, నొక్కిన అక్షరాలు ఇచ్చింది నేను.

చివరి లైను పట్టీ పక్కనే అదే పట్టీని ఇంకోసారి అతికిస్తుంది. విప్పడం గడియారంలో మూడు గంటల దగ్గర మొదలవుతుంది కాబట్టి అక్కడ ఏ మాట ఉంటే అది రెండు ముక్కలై రెండు చివరలకీ పోతుంది. రెండు పట్టీలు కలిపితే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆ మాట నిండుగా దొరుకుతుంది.

కేంద్రం సరిగా కుదిరిందా లేదా అన్నది పట్టీ చూడగానే తెలుస్తుంది. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. రాత తిన్నగా కాకుండా ఒక్కసారి లేచి ఒక్కసారి దిగితే, అంటే మొత్తం పట్టీలో ఒకే ఒక అల ఉంటే, కేంద్రం తప్పు పెట్టినట్టు. అల శిఖరానికీ లోయకీ ఎంత తేడా ఉందో చూసి, అందులో సగం, శిఖరం ఉన్న దిక్కుకి కేంద్రాన్ని జరిపితే తిన్నగా వస్తుంది. పట్టీ ఎడమ చివర మూడు గంటలు, పావు దూరంలో ఆరు, సగంలో తొమ్మిది, ముప్పావులో పన్నెండు అని గుర్తుపెట్టుకుంటే దిక్కు తెలిసిపోతుంది. అల రెండుసార్లు వస్తే మాత్రం కేంద్రాన్ని ఎంత జరిపినా లాభం లేదు. ఫోన్‌ని వాల్చి ఫొటో తీశారు, వృత్తం కోడిగుడ్డయింది. ఫోన్ 20 డిగ్రీలు వాలితే వృత్తం ఒక దిక్కున 6 శాతం తగ్గుతుంది. 560 పిక్సెల్స్ వ్యాసార్థానికి అది 34 పిక్సెల్స్, చిన్న రాతైతే ఒక అక్షరం ఎత్తు. లెక్కలు కట్టి సరిచేయొచ్చు గానీ నేను మూతని నేల మీద పెట్టి, స్టూలెక్కి నిటారుగా ఇంకో ఫొటో తీస్తాను. స్కానర్ మీద బోర్లిస్తే వాలు బాధే ఉండదు. కాకపోతే సన్నటి స్కానర్లు అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తాయి. మూత అంచు కొంచెం లేచి ఉంటే మధ్యలో రాత మసకబారుతుంది.

ఇంతవరకూ పొగడ్తే. ఇప్పుడు దీన్ని నమ్మి నేను పాడుచేసిన 500 స్టిక్కర్ల సంగతి.

మూతల మీద మామూలు పద్ధతి ఏమిటంటే, పై సగంలో రాత తలలు బయటికి పెట్టుకుని ఎడమ నుంచి కుడికి వంగుతుంది. కింద సగంలో తలలు లోపలికి తిరిగి ఉంటాయి, లేకపోతే చదివేవాడు మూత తిప్పుకోవాలి. పట్టీ పరిచాక పై సగం సరిగా, కింద సగం తలకిందులుగా వస్తుంది. వరసగా పదో పదిహేనో మూతలు అలాగే వచ్చేసరికి, కింద సగాన్ని అడక్కుండానే 180 డిగ్రీలు తిప్పేసేలా స్క్రిప్ట్‌లో రాసిపెట్టుకున్నాను. చక్కగా నడిచింది, చాలా నెలలు.

ఒక పచ్చళ్ల ఆవిడ మూత తెచ్చారు. దాని మీద రాత చుట్టూ ఒకే వరసలో పోయింది. అంటే కింద కూడా తలలు బయటికే. నా స్క్రిప్ట్ దాన్ని కూడా తిప్పేసింది. తెలుగు మాటలైతే పిచ్చి రాత వచ్చి నాకు తెలిసిపోయేదే. కానీ కింద ఉన్నది ఫుడ్ లైసెన్స్ నంబరు. ఆ 14 అంకెల కోసం నేను అప్పటికి ఇలా పెట్టుకుని ఉన్నాను:

```
tesseract num.png - -l eng --psm 7 -c tessedit_char_whitelist=0123456789
```

అంకెలు తప్ప ఇంకేం రాయకు అని దానికి చెప్పాను. అది చెప్పినట్టే చేసింది. 0, 8, పుల్లలాంటి 1 తలకిందులైనా అవే. ఆ అచ్చులో 2 కూడా దాదాపు అదే. 6 తిరగేస్తే 9, 9 తిరగేస్తే 6. నా ఖర్మకి ఆ నంబరులో 3, 4, 7 ఒక్కటీ లేవు. అసలు నంబరు 0691తో ముగుస్తుంది. తిరగేస్తే అదే 1690 అయి ముందుకొచ్చింది. లైసెన్స్ నంబరు 1తోనే మొదలవుతుంది కదా, చూడటానికి ఏ వంకా లేదు. లెక్కపెట్టాను కూడా, 14 ఉన్నాయి. ప్రింటుకి పంపేశాను.

మూడో రోజు ఆవిడ వచ్చారు. స్టిక్కర్ల కట్ట బల్ల మీద పెట్టి "ఏమయ్యా, మా లైసెన్సు ఎప్పుడు మార్చావు?" అన్నారు. "మార్చడమేంటమ్మా" అని స్టిక్కర్ తీసుకుని చదువుతున్నా, ఏమీ అర్థం కాలేదు. ఆవిడ సంచిలోంచి లైసెన్స్ జిరాక్స్ తీసి పక్కన పెట్టి, దాన్ని అలా తలకిందులుగా తిప్పారు. తలకిందులుగా చూస్తే రెండూ ఒకటే. ఆవిడకి నవ్వొచ్చింది, నాకు రాలేదు. మళ్లీ వేసిచ్చాను, నా ఖర్చే.

తర్వాత చాలాసేపు ఆలోచిస్తే అర్థమైంది, తలకిందులని చెప్పగలిగే సాక్షుల్ని నేనే కోర్టు బయట నిలబెట్టేశానని. అంకెల పక్కనే "Lic. No." అని ఉంది. దాన్ని కత్తిరించి పారేసి అంకెలు మాత్రమే ఇచ్చాను. ఆ అక్షరాల్ని తలకిందులుగా ఇచ్చి ఉంటే చెత్త వచ్చేది, చెత్త చూసి నేను ఆగేవాణ్ణి. ఇప్పుడు నంబరు పక్కన కనీసం ఒక మాట అయినా కలిపే కత్తిరిస్తాను. అదే ముక్కని రెండు విధాలా, నిటారుగా ఒకసారి, తిప్పి ఒకసారి, ఏ ఆంక్షా లేకుండా చదివిస్తాను. ఆదేశం చివర `tsv` అని చేర్చితే ప్రతి మాట పక్కన `conf` అని దాని నమ్మకం ఎంతో అంకె వస్తుంది. ఏ వైపు సగటు ఎక్కువో ఆ వైపు నిటారు అనుకుంటాను. రెండింటికీ పది తేడా కూడా లేకపోతే ఏదీ నమ్మను, పట్టీ తెరిచి తలకట్లు చూస్తాను. తలకట్టు పైన ఉందా కింద ఉందా అన్నది మనిషికి క్షణం పని. అంకెల ఆంక్ష ఆ తర్వాతే. నంబరు మాత్రం ఇప్పుడు లైసెన్స్ కాగితం ఎదురుగా పెట్టుకోకుండా ప్రింటుకి పోదు.

"దీనికి `--psm 0` ఉందిగా, ఎటు తిరిగిందో అదే చెప్తుందిగా" అని అడగొచ్చు. ఉంది. నిండు పేజీ అడ్డంగా స్కాన్ అయితే 90, 180, 270 ఇట్టే పట్టేస్తుంది, ఆ పనికి దానికి వంక పెట్టను. మూత మీంచి కత్తిరించిన ముక్కలో పట్టుమని 20 అక్షరాలుండవు. `Too few characters. Skipping this page` అని చెప్పి తప్పుకుంటుంది. `-c min_characters_to_try=10` అంటే ముందుకెళ్తుంది గానీ, అంత తక్కువ రాత మీద అది ఇచ్చే జవాబు బొమ్మా బొరుసే. ఫోన్ ఫొటోలతో ఇంకో తలనొప్పి ఉంది. ఫోన్లో నిటారుగా కనిపించే బొమ్మ నిజానికి పక్కకి పడుకుని ఉండి, "నన్ను తిప్పి చూపించు" అని లోపల ఒక చీటీ పెట్టుకుంటుంది. OpenCV ఆ చీటీ చదువుతుంది, Tesseract చదవదు. ఫొటోని నేరుగా Tesseractకి ఇస్తే అడ్డంగా చదివి చేతులెత్తేస్తుంది.

తెలుగు వరకు ఇంకొక్క సంగతి. పట్టీలోంచి లైనుని కత్తిరించేటప్పుడు ఇంగ్లీషు కొలతలో కత్తిరిస్తే వత్తులు కింద, గుడులు పైన తెగిపోతాయి. "చెక్క" కాస్తా "చెక" అయి కూర్చుంటుంది. పైనా కిందా అక్షరం ఎత్తులో సగం చొప్పున ఖాళీ వదులుతున్నాను. వంపు లోపలి వైపు వత్తులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అక్కడ ఎంత ఖాళీ వదిలినా ఒకటీ అరా తప్పు వస్తుంది, చేత్తో దిద్దుకోవడమే.

మొదట్లో దీన్ని మా వీధిలో ఇంకో ఇద్దరు డీటీపీ వాళ్లకి కూడా ఎక్కించిపెట్టాను. ఇప్పుడైతే అంత ఉత్సాహంగా ఎక్కించను. మాకు నెలకి ముప్ఫై దాకా మూతలొస్తాయి, నాకు కాస్త కోడ్ రాయడం వచ్చు, కాబట్టి గిట్టుబాటైంది. మూతకి పావుగంట పట్టేది ఐదు నిమిషాలకి దిగింది, అందులో మూడు నిమిషాలు సరిచూసుకోవడమే. నెలకి రెండు మూతలొచ్చేవాళ్లు చేత్తో టైప్ చేసుకుంటేనే తొందరగా అయిపోతుంది.

మూతలకి బాగున్నది కదా అని సీసా ఒంటి మీది లేబుళ్లకి కూడా పెట్టి చూశాను. అది వేరే లెక్క. సీసా పక్కలకి పోయేకొద్దీ అక్షరాలు సన్నబడతాయి, మధ్య నుంచి 60 డిగ్రీలు పోయేసరికి వెడల్పు సగమే మిగులుతుంది. సాగదీసి సరిచేయొచ్చు. కానీ నిగనిగలాడే కాగితం మీద ట్యూబ్‌లైటు తెల్లటి గీతలా పడినచోట సాగదీయడానికి అక్షరమే ఉండదు. సీసాని కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగు ఫొటోలు తీసి, ఒక్కోదాంట్లో మధ్య ముక్క మాత్రం తీసుకుని అతికించాలి. రెండుసార్లు చేశాను, మూడోసారి సీసాని ఎదురుగా పెట్టుకుని టైప్ చేసేశాను.