బొటనవేలంత అట్టమీద నా నవల: రెండేళ్ల అనుభవం

నా నవల పేరు ‘కాలువ మలుపు’. బందరు కాలువ ఒడ్డున నడిచే కథ. మొదటి ముఖచిత్రం గాంధీనగర్‌లో ఒక డిజైనర్ చేత వేయించాను. అట్ట నిండా కాలువ ఫోటో, ఆకుపచ్చ నీళ్ల మీద ఎర్రటి చేతిరాతలో పేరు, కింద నా పేరు. చేతిలో పట్టుకుంటే ముచ్చటగా ఉండేది. ఆన్‌లైన్‌లో పెట్టాక మా పిన్ని ఫోన్ చేసి, “ఏరా, మలుపా, మలువా?” అంది.

తప్పు ఆవిడ కళ్లది కాదు. ప, వ అక్షరాలకు తేడా అంతా పైన తెరిచి ఉందా, మూసుకుందా అన్నదే. ఈబుక్ అట్ట 1600 పిక్సెళ్ల వెడల్పు. ఫోన్‌లో పుస్తకాల జాబితాలో దాన్ని 100 పిక్సెళ్లకు కుదించి చూస్తే పదహారో వంతు అవుతుంది. అక్షరం గీత 16 పిక్సెళ్ల మందం ఉంటే అక్కడ మిగిలేది ఒక్క పిక్సెల్. ఆ సన్నని ఖాళీ పూడిపోయి ప కాస్తా వ అయింది. పైగా ఎరుపు, ఆకుపచ్చ ఒకే ముదురులో ఉన్నాయి. నలుపు తెలుపులోకి మార్చి చూశాను, పేరు మాయం.

రెండో అట్ట నేనే కూర్చుని మార్చాను. ఫోటో తీసేసి, కింద సగంలో ఒక్క పడవ నీడ, పైన లేత పసుపు ఆకాశం. పేరు ముదురు నీలంలో, రెండు వరుసల్లో, గీత 50 పిక్సెళ్లు. మరీ లావు చేస్తే గుండ్రాలు మూసుకుపోతాయి, అదీ ఒకసారి చేసి చూశాను. నా పేరు పడవ కింద, శీర్షిక అక్షరాల్లో మూడో వంతు ఎత్తు. చిన్న బొమ్మలో అది చదవడానికి రాదు. రాకపోయినా ఫర్వాలేదనుకున్నాను, నా పేరు చూసి కొనేవాళ్లు ఎలాగూ మా బంధువులే.

ఈ అమరికను రెండేళ్లుగా వాడుతున్నాను. ఇప్పుడు ఎవరూ మలువు అనలేదు. లోపాలు మాత్రం ఉన్నాయి. తెల్ల పేజీ మీద లేత ఆకాశం అంచు కలిసిపోతే చుట్టూ సన్నని బూడిదరంగు గీత పెట్టాల్సి వచ్చింది. అచ్చు పుస్తకం మీద పేరు అరిచినట్టుంటుంది. విజయవాడ పుస్తక మహోత్సవంలో బల్ల మీద పక్క పుస్తకాల మధ్య నాకే కాస్త మొహమాటమేసింది. అందుకే అచ్చుకు పేరు పావు వంతు తగ్గించి వేరే ఫైల్ చేశాను.

అసలు చిక్కు రెండో నవలతో వచ్చింది. దాని పేరు ‘గుమ్మం దగ్గర ఉత్తరం’. పై వరుసలోని మకారపు వత్తు కింది వరుస అక్షరాల నెత్తిన కూర్చుంది. ‘కాలువ మలుపు’లో ఒక్క వత్తూ లేదు కాబట్టి వరుసలు దగ్గరగా పెట్టగలిగాను, అది నా తెలివి కాదు. ఇక్కడ వరుసల మధ్య ఖాళీ పెంచితే బొమ్మకు చోటు లేదు. ప్రస్తుతం బొమ్మను ఒక్క తలుపు గడియకు తగ్గించి చూస్తున్నాను.