రాత్రి గల్లా లెక్క: మొత్తం చూసి లెక్కపెట్టాలా, చూడకుండానా? ఏది మేలు?

చాలా హోటళ్లలో రాత్రి గల్లా మూసే పద్ధతి ఇది. క్యాషియర్ బిల్లింగ్ సిస్టమ్‌లో రిపోర్టు తీస్తాడు, గల్లాలో ఎంత ఉండాలో చూస్తాడు, తర్వాత నోట్లు లెక్కపెడతాడు. ఇంకో పద్ధతిలో రిపోర్టు మేనేజర్ దగ్గరే ఉంటుంది. క్యాషియర్ ముందు నోట్లు లెక్కపెట్టి, ఏ నోటు ఎన్నో కాగితం మీద రాసి సంతకం చేస్తాడు. ఆ తర్వాతే రెండూ పోల్చి చూస్తారు.

మొదటిది త్వరగా అయిపోతుంది. అయినా నా ఓటు రెండోదానికే. గల్లాలో తగ్గితే అందరూ పట్టించుకుంటారు కానీ, అసలు కబురు చెప్పేది ఎక్కువ వచ్చిన డబ్బు. బిల్లు కొట్టకుండా పార్శిల్ ఇచ్చి, ఆ డబ్బు గల్లాలోనే ఉంచి, మూసేటప్పుడు తీసుకుందామనుకునేవాడికి ఎంత తీయాలో ఖచ్చితంగా తెలియాలి. రిపోర్టు ముందే చూస్తే ఆ అంకె అతనికి దొరుకుతుంది. చూడకపోతే గుర్తుపెట్టుకున్న లెక్క మీదే ఆధారపడాలి, అది ఎక్కడో ఒకచోట తప్పుతుంది. చిల్లర దగ్గర పదో ఇరవయ్యో తేడా రావడం మామూలే. నెలంతా ఒక్క రూపాయి కూడా తేడా రాలేదంటే, మనిషి అంత జాగ్రత్తపరుడా, లేక లెక్కకు సరిపోయేలా సర్దుతున్నాడా అని చూడాల్సిందే.

అయితే చూడకుండా లెక్కపెట్టడం కూడా ఒక దొంగతనాన్ని అస్సలు పట్టదు. ఉదాహరణకు, పొద్దున గల్లాలో చిల్లర కోసం 3,000 పెట్టారు. రోజంతా నగదు అమ్మకం 38,640. కూరగాయలకూ గ్యాస్‌కూ గల్లాలోంచి 1,400 ఇచ్చారు. అంటే 40,240 ఉండాలి. రాత్రి 8:50కి ఒక కుటుంబం 640 రూపాయల బిల్లు నగదుగా కట్టి వెళ్లిపోయింది. 9:20కి క్యాషియర్ ఆ బిల్లు క్యాన్సిల్ చేసి 640 జేబులో వేసుకున్నాడు. సిస్టమ్ ఇప్పుడు 39,600 ఉండాలంటుంది. గల్లాలోనూ 39,600 ఉంది. చూసి లెక్కపెట్టినా, చూడకుండా లెక్కపెట్టినా తేడా సున్నా.

ఇక్కడ ఇంకో పోలిక వస్తుంది. క్యాన్సిల్‌కు మేనేజర్ పిన్ పెట్టడం మేలా, రోజూ రాత్రి క్యాన్సిల్ బిల్లులను కేఓటీలతో, అంటే కిచెన్‌కు వెళ్లే ఆర్డర్ చీటీలతో, సరిచూడటం మేలా? పిన్ మంచిదే. కానీ శనివారం రాత్రి రద్దీలో మేనేజర్ పది టేబుళ్ల మధ్య తిరుగుతుంటాడు, పిన్ నోటితోనే చెప్పేస్తాడు. మర్నాటికి అది కౌంటర్‌లో అందరికీ తెలుస్తుంది. కేఓటీ కాగితం అలా కాదు. కిచెన్‌లో ముల్లుకు గుచ్చిన ఆ చీటీ క్యాషియర్ చేతికి అందదు. రెండు బిర్యానీలు 8:10కి కేఓటీలో ఉన్నాయి, వడ్డించారు, బిల్లు మాత్రం క్యాన్సిల్. మరి ఆ డబ్బు ఎక్కడికి పోయింది?

ప్రతి క్యాన్సిల్‌నూ అనుమానించడం మాత్రం అన్యాయం. టేబుల్ నంబరు తప్పు పడితే, బిల్లు రెండుసార్లు వస్తే క్యాన్సిల్ చేయాల్సిందే. అలాంటివి బిల్లు వచ్చిన నిమిషం రెండు నిమిషాల్లోనే జరుగుతాయి, వెంటనే దాదాపు అవే ఐటమ్స్‌తో సరైన బిల్లు పడుతుంది. లేదా అదే బిల్లు వేరే టేబుల్ మీద ముందే ఉంటుంది. అనుమానించాల్సిన క్యాన్సిల్‌కు అలా జంట బిల్లు ఉండదు. బిల్లు పడిన చాలాసేపటికి, కస్టమర్ వెళ్లిపోయాక జరుగుతుంది. ఎప్పుడూ నగదు బిల్లే. కారణం దగ్గర ‘కస్టమర్ వద్దన్నాడు’ అని ఒకే మాట. అవన్నీ ఒకరి షిఫ్టులోనే కనిపిస్తే సీసీ కెమెరాలో ఆ సమయానికి వెళ్లి చూడొచ్చు. అంతకుముందు మాత్రం ఎవరి మీదా మాట తూలకూడదు.

రిఫండ్‌కు ఒక్క నియమం చాలు: డబ్బు వచ్చిన దారిలోనే తిరిగి వెళ్లాలి. యూపీఐలో కట్టిన బిల్లుకు గల్లాలోంచి నగదు రిఫండ్ రాశారంటే కస్టమర్ నంబరు అడిగి తీరాలి. దొంగ రిఫండ్‌లో కస్టమర్ కట్టిన డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, నగదు మాత్రం కౌంటర్ దాటిపోతుంది, గల్లా లెక్క సరిగ్గానే కనిపిస్తుంది.

కేఓటీ పద్ధతికీ ఒక లోటుంది. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు కౌంటర్ నుంచే వెళ్తాయి, వాటికి కేఓటీ ఉండదు. అక్కడ సరుకే సాక్షి. పొద్దున ఉన్న సీసాలకు వచ్చిన స్టాకు కలిపి, రాత్రి మిగిలినవి తీసేస్తే అమ్మినవెన్నో తేలుతుంది, వాటిని బిల్లులతో పోల్చాలి. అన్ని సరుకులూ రోజూ లెక్కపెట్టే తీరిక చిన్న హోటల్‌కు ఉండదు. అందుకే నేనైతే ఒక్కో రోజు ఒక్కో సరుకు ఎంచుకుంటాను, ఆ రోజు ఏది లెక్కపెడతానో ముందుగా ఎవరికీ చెప్పను.