ఐస్ మీద పోసే పోరోవరా, రాత్రంతా నానబెట్టే కోల్డ్ బ్రూనా? కావలి ఎండల్లో ఏది మేలు

మాది కావలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వేడి కాఫీ తాగలేం, కాఫీ లేకుండానూ ఉండలేం, అందుకని రెండేళ్ళుగా ఎండలు ముదిరాక మా ఇంట్లో చల్లటి కాఫీలే నడుస్తన్నాయి. మొదట్లో కోల్డ్ బ్రూ ఒక్కటే చేసేవాణ్ణి, పోయిన ఎండాకాలం నుంచి ఫ్లాష్ చిల్ కూడా పట్టుకున్నా. ఫ్లాష్ చిల్ అంటే మామూలు పోరోవరే, వీ60 లాంటి డ్రిప్పర్‌లో పేపర్ పెట్టి వేడినీళ్ళు పోస్తాం, కాకపోతే కింద గిన్నెలో ముందే ఐస్ ఉంటది, డికాషన్ బొట్టు బొట్టూ దాని మీదే పడి అక్కడికక్కడే చల్లారిపోద్ది. కొంతమంది జపనీస్ ఐస్‌డ్ కాఫీ అని కూడా అంటారు. కోల్డ్ బ్రూకి అసలు వేడే తగలదు, బరక పొడిని చన్నీళ్ళలో గంటల తరబడి నానబెట్టి వడగట్టడమే.

ఏది బాగుంటదిరా అని ఒంగోలు నుంచి వచ్చినప్పుడల్లా మా బావ అడుగుతా ఉంటాడు. అందుకే ఒక ఆదివారం ఒకే ప్యాకెట్‌తో రెండూ చేసి పక్కపక్కన పెట్టా. అరకు అరబికా, పండు గుజ్జు కడిగేసి ఎండబెట్టే వాష్డ్ రకం, మీడియం కంటే కొంచెం లేత రోస్ట్, చికోరీ లేనిది. చికోరీ ఉన్న ఫిల్టర్ కాఫీ పొడితో ఈ రెండూ చేయొద్దు, చికోరీ నీళ్ళలో తొందరగా దిగిపోయి కాఫీ రుచి మొత్తాన్నీ కమ్మేస్తది, ఇక దేంతో దేన్ని పోల్చాలి?

కోల్డ్ బ్రూ శనివారం సాయంత్రం ఆరింటికే మొదలు పెట్టా. 75 గ్రాముల పొడి, ఇడ్లీ రవ్వ అంత బరకగా, 600 మిల్లీలీటర్ల క్యాన్ నీళ్ళు, సీసాలో పోసి పొడి మొత్తం తడిసేట్టు ఒకసారి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశా. ఆదివారం పొద్దున పదింటికి, అంటే పదహారు గంటలకి తీసి ముందు మల్లు గుడ్డలో, తర్వాత పేపర్‌లో వడగట్టా. గుడ్డని వాడే ముందు సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్ళలో జాడించాలి, లేకపోతే ఆ వాసన కాఫీలోకి వచ్చేస్తది. పొడి తన బరువుకి రెండింతల దాకా నీళ్ళు పట్టుకుంటది కాబట్టి చేతికొచ్చింది 450 మిల్లీలీటర్ల చిక్కటి డికాషన్, దానికి సమానంగా నీళ్ళో పాలో కలుపుకోవాలి. కలపకుండా గ్లాసు తాగితే అది దగ్గర దగ్గర రెండు గ్లాసుల కాఫీ తాగినట్టే, రాత్రి నిద్ర పట్టదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. రెసిపీల్లో రూమ్ టెంపరేచర్‌లో పెట్టమని రాస్తారు గదా, అది మా ఊరి రూమ్ కాదు. వాళ్ళ లెక్క ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు, మే నెలలో మా వంటింట్లో రాత్రి పూట కూడా ముప్పై దిగదు. మొదటి ఏడాది నేను అట్టానే గట్టు మీద ఇరవై గంటలు పెడితే చెక్క నానబెట్టిన నీళ్ళ లాగా చేదుగా, చివర్లో పులిసిన వాసనతో వచ్చింది. వేడిలో సారం తొందరగా దిగుతది, పైగా గంటల తరబడి వెచ్చగా ఉన్న తడి పొడిలో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం కూడా ఉంటది, అందుకే మన దగ్గర ఫ్రిజ్‌లో నానబెట్టడమే దారి.

ఇంక ఫ్లాష్ చిల్. దీంట్లో అందరూ తప్పేది ఐస్ లెక్క దగ్గరే. ఐస్ అనేది చివర్లో వేసే చలువ కాదు, అది నీళ్ళలో భాగం. 20 గ్రాముల పొడికి మొత్తం నీళ్ళు 300 గ్రాములు అనుకుంటే అందులో 180 వేడినీళ్ళు, 120 ఐస్. కొంతమంది 300 వేడినీళ్ళూ పోసేసి పైన ఐస్ కూడా వేస్తారు, ఇక అది కాఫీ కడిగిన నీళ్ళ లాగా కాకుండా ఎట్టా ఉంటది? వేడినీళ్ళు తగ్గించాం కాబట్టి ఆ కాసిన్ని నీళ్ళే రుచి మొత్తం లాగాలి, అందుకని పొడి మామూలు పోరోవర్ కంటే ఒక మెట్టు సన్నంగా, సన్న బొంబాయి రవ్వలాగా ఉండాలి. నీళ్ళు కాగి దించాక అరనిమిషం ఆగి, ముందు 40 గ్రాములు పోసి 40 సెకన్లు వదిలేశా, పొడి పొంగి గాలి వదులుద్ది, తర్వాత 70 చొప్పున రెండుసార్లు చుట్టూ తిప్పుతా పోశా, రెండు నిమిషాల నలభై సెకన్లకి దిగడం అయిపోయింది. గిన్నెని ఒకసారి గిర్రున తిప్పి థర్మామీటర్ పెడితే పది డిగ్రీలు, ఐస్ దాదాపు మొత్తం కరిగిపోయింది. గ్లాసులో రెండు కొత్త ముక్కలు వేసి పోస్తే చాలు.

ఐస్‌కి తడి ఉండకూడదు, ఇది నేను చాలా సార్లు చెడగొట్టుకున్నాక తెలిసిన సంగతి. ఐస్ చల్లబరిచేది ప్రధానంగా కరగడం వల్ల, ఒక గ్రాము ఐస్ కరగాలంటే 80 కెలోరీల వేడి కావాలి, అదంతా మన కాఫీలోంచే లాక్కుంటది. ముందే కరిగిన నీళ్ళకి ఆ పని అయిపోయింది, అవి కాఫీని పలచన చేస్తయ్యే గానీ పెద్దగా చల్లార్చవు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన రోజున ట్రేలో ఐస్ సగం సగం కరిగి ఉంటది గదా, అట్టాంటిది 120 గ్రాములు తూచితే అందులో 30 గ్రాములు నీళ్ళే అనుకోండి, 30 ఇంటూ 80, 2,400 కెలోరీల చలువ పోయినట్టు, చేతికొచ్చే కాఫీ 260 గ్రాములు కాబట్టి దాదాపు తొమ్మిది డిగ్రీలు వెచ్చగా ఉంటది. అట్టా ఒకరోజు పందొమ్మిది డిగ్రీలు చూపించింది, చల్లగా లేదు గదా అని ఇంకో నాలుగు ముక్కలు వేశా, ఇంకా పలచబడింది. ఇప్పుడు తూచే ముందు ఐస్‌ని జల్లెడలో వేసి నీళ్ళు ఓడ్చేస్తన్నా. ఐస్ అయిపోయిందని రొయ్యల పెట్టెలకి వాడే ఫ్యాక్టరీ ఐస్ మాత్రం తేవద్దు, అది తాగే నీళ్ళతో చేసిందని నమ్మకం లేదు, ఇక్కడ ఐస్ ముక్కే మీ కాఫీలో నీళ్ళు.

ఆ మాటకొస్తే నీళ్ళ సంగతి. మా బావ ఒంగోల్లో క్యాన్ నీళ్ళతో కాఫీ చేసి ట్రేలో మాత్రం బోరు నీళ్ళు పోశాడు. వాళ్ళ బోరు నీళ్ళు కాగితే గిన్నెకి తెల్లగా పొర కడతది. అట్టాంటి నీళ్ళలో ఉండే బైకార్బొనేట్ కాఫీలో పులుపుని చంపేస్తది, మొత్తం నీళ్ళలో నలభై శాతం ఐసే కాబట్టి చప్పగా వచ్చిందంటే రాదా మరి. ట్రేలో కూడా క్యాన్ నీళ్ళే పోయమన్నా, తర్వాత ఫోన్ చేసి రుచి తిరిగొచ్చిందన్నాడు.

రుచి దగ్గరికొస్తే రెండు గ్లాసులూ ఒకే ప్యాకెట్ అంటే నమ్మబుద్ధి కాలేదు. ఫ్లాష్ చిల్ మూతి దగ్గరికి తెస్తేనే కమలా తొక్క గిల్లినట్టు వాసన, నోట్లో మెత్తటి పులుపు, మింగాక బెల్లం లాంటి తీపి. బావ ఒక గుక్క తాగి "ఇది కాఫీనా, పళ్ళ రసమా రా?" అన్నాడు. కోల్డ్ బ్రూలో పులుపు దాదాపు తెలియదు, కోకో, వేయించిన శనక్కాయలు, గుండ్రంగా నున్నగా దిగిపోద్ది, కానీ వాసన తక్కువ. కారణం వేడే. కొన్ని ఆమ్లాలూ సువాసన పదార్థాలూ వేడినీళ్ళకే బాగా లొంగుతయ్యి, చన్నీళ్ళు ఎన్ని గంటలున్నా వాటిని అంతగా లాగలేవు. వేడిలో వచ్చిన సువాసన మామూలుగా ఆవిరితో పోతది, ఇక్కడ వెంటనే ఐస్ తగిలి చాలావరకు కాఫీలోనే ఉండిపోద్ది. వేడి కాఫీ చేసి ఫ్రిజ్‌లో నెమ్మదిగా చల్లార్చితే ఇది రాదు, చప్పిడి రుచి వస్తది.

కోల్డ్ బ్రూలో యాసిడ్ ఉండదు, కడుపుకి మంచిది అని చాలా మంది అంటారు. 2018లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన ఒక పరిశోధనలో వేడి కాఫీ, కోల్డ్ బ్రూ రెండింటి పీహెచ్ దాదాపు ఒకటే వచ్చింది, వేడి దాంట్లో మొత్తం ఆమ్లాల పరిమాణం మాత్రం ఎక్కువుంది. అంటే నాలుక్కి పులుపు తక్కువ తెలవడం నిజమే, అల్సర్ ఉన్నోళ్ళు దాన్ని మందులాగా నమ్ముకోవడం మాత్రం నాకు సరైంది అనిపించదు.

టైం విషయంలో మూడు నిమిషాలు, పదహారు గంటలు అని పోల్చడం తప్పు అంటాను నేను. కోల్డ్ బ్రూకి మనం నిలబడే టైం పొడి చేసుకోవడం, కలపడం, వడగట్టడం అన్నీ కలిపి ఇరవై నిమిషాలు, నీళ్ళు కలిపాక 900 మిల్లీలీటర్లు, నాలుగు గ్లాసుల పైనే. ఫ్లాష్ చిల్ ఒక్కో గ్లాసుకి నీళ్ళు కాచడం నుంచి పేపర్ పారేసేదాకా పది నిమిషాలు నిలబడాలి, ఇంటికి నలుగురొస్తే నలభై నిమిషాలు పొయ్యి దగ్గరే, అందులోనూ ఐస్ ముందు రోజు రాత్రే పెట్టుకోవాలి గదా, ఆ టైం ఎవరూ లెక్కలో వేయరు. చేసింది చేసినట్టు తాగాలి కూడా, గంట దాటితే ఆ కమలా వాసన ఉండదు. కోల్డ్ బ్రూ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగానే ఉంటది.

ఫ్లాష్ చిల్ చెడితే తెలుసుకోవడం తేలిక. రెండు నిమిషాల్లోపే దిగిపోయి పుల్లగా, పలచగా ఉంటే పొడి బరకైంది. నాలుగు నిమిషాలు పట్టి నాలుక ఎండబెట్టినట్టు ఒగరుగా ఉంటే సన్నమైంది. అంతా అయ్యాక కూడా ఐస్ బోలెడు మిగిలిందంటే వేడినీళ్ళు తక్కువ పోసినట్టో ఐస్ ఎక్కువైనట్టో.

నా మటుకు నాకు, మంచి వాసనున్న లేత రోస్ట్ దొరికి, పాలు లేకుండా తాగేటట్టైతే ఫ్లాష్ చిల్లే, అట్టాంటి గింజని కోల్డ్ బ్రూలో వేస్తే డబ్బులిచ్చి కొన్న వాసనని పారేసినట్టే. పాలు కావాలంటే మాత్రం కోల్డ్ బ్రూ, కొంచెం ముదురు రోస్ట్‌తో. ఫ్లాష్ చిల్‌లో పాలు పోసి చూశా, ఆ పులుపూ పాలూ కలవలేదు, పైగా పలచగా ఉంది. మా నాయనకి నలభై ఏళ్ళుగా పాల కాఫీయే అలవాటు, ఆ ఆదివారం నేనిచ్చిన ఫ్లాష్ చిల్ ఒక గుక్క తాగి "వాసన బాగుందబ్బాయ్, నాకు మాత్రం పాలు పోసింది ఇయ్యి" అన్నాడు. కోల్డ్ బ్రూ సగం గ్లాసు, చల్లటి పాలు సగం, రెండు చెంచాల పంచదార ముందే కాసిన్ని వేడినీళ్ళలో కరిగించి కలిపి ఇచ్చా, చన్నీళ్ళలో పంచదార నేరుగా వేస్తే అడుగున ఉండిపోద్ది. అప్పటి నుంచి శనివారం సాయంత్రం ఆరింటికి సీసా ఫ్రిజ్‌లో పెట్టడం ఆయన కోసం, ఐస్ ట్రే నింపడం నా కోసం.