పాత ఫోటోలు బాగు చేయిస్తున్నారా? మా తాతయ్య ముఖమే మార్చేశారు, జాగ్రత్త

"పాత ఫోటోలకు ప్రాణం పోస్తాం" అని ఫేస్‌బుక్‌లో రోజూ ప్రకటన వస్తుంది చూడండి, వాళ్లకే ఇచ్చాను. 3,500 రూపాయలు ముందే కట్టాను. పోయిన డబ్బు గురించి కాదు నా బాధ.

మా అమ్మమ్మ వాళ్ల అన్నయ్య రంగూన్ మిల్లులో పనికి వెళ్లారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక ఆయన జాడ లేదు. మిగిలింది ఒకే ఒక్క గ్రూప్ ఫోటో. ముప్పై మందికి పైగా ఉన్నారు, వెనక పేర్లు లేవు. అందులో ఆయన ఎవరో అమ్మమ్మ ఒక్కతే చెప్పగలదు. ఆవిడకి 92 ఏళ్లు, చూపు ఆనడం లేదు. అందుకే పెద్దది చేసి, రంగులు వేసి ఇవ్వమన్నాను.

ఫోటో వచ్చింది. ముఖాలన్నీ నిన్న తీసినంత స్పష్టంగా ఉన్నాయి. అమ్మమ్మ ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టి చూసింది. "అన్నయ్య ఎడమ చెవి తమ్మె తెగి ఉండాలిరా, చిన్నప్పుడు పోగు పట్టుకుని నేనే లాగేశాను" అంది. అలాంటి చెవి ఎవరికీ లేదు. చాలాసేపు చూసి, చివరికి పై వరసలో నవ్వుతున్న ఒకాయన దగ్గర ఆగింది. "వీడే అయ్యుంటాడు" అని ఏడ్చింది. మేమూ నమ్మేశాం. ఆయనకి ఖాకీ చొక్కా వేశారు కదా, మిలిటరీలో చేరారేమోనని రెండు వారాలు ఆ కాగితాల వెంట తిరిగాను.

మొన్న మా తమ్ముడు అసలు ప్రింటును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 1200 డీపీఐలో స్కాన్ చేశాడు. కుర్చీల వరసలో రెండో మనిషి. ఎడమ చెవి తమ్మె రెండు పాయలుగా చీలి ఉంది. బుగ్గల మీద స్ఫోటకం మచ్చలు. రంగుల ఫోటోలో అదే మనిషికి గుండ్రటి చెవి, నున్నటి బుగ్గలు.

వెంటనే వాళ్లకి ఫోన్ చేశాను. అతను అన్న మాట ఇంకా చెవిలో మోగుతోంది. "పాత ఫోటోలో ముఖం ఎక్కడుందండీ? నాలుగు మరకలున్నాయి. ముఖం మేం పెట్టాం. క్లియర్‌గా వచ్చిందిగా, ఇంకేం కావాలి?" మచ్చలు ఎందుకు తీశారంటే "అవి డ్యామేజీ అనుకున్నాం" అన్నాడు. మనిషి గుర్తును డ్యామేజీ అన్నాడు! మరి ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదు?

తప్పు నాదీ ఉంది. ఎనిమిదిన్నర అంగుళాల ప్రింటును ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపాను. వాళ్లకు చేరిన ఫైలు పొడవు 1600 పిక్సెళ్లు. ఒక్కో ముఖం వెడల్పు 6 మిల్లీమీటర్లు, అంటే ముఖానికి 45 పిక్సెళ్లు కూడా రావు. తెగిన తమ్మె అందులో ఒకటి రెండు చుక్కలు. వాళ్లు వాడే ఏఐ సాఫ్ట్‌వేర్ వేలాది ఇప్పటి ముఖాలను చూసి నేర్చుకున్నది. లేని వివరాన్ని ఫోటోలోంచి తీయలేదు కాబట్టి, ఆ చుక్కలకి సరిపోయే ముఖం ఒకటి తనే గీస్తుంది. రంగులూ అంతే, ఊహించి వేసినవే. ఆ కాలపు ఫోటో ప్లేట్లు చాలావరకు ఎరుపును పట్టుకోలేవు, ఎర్ర బట్ట నల్లగా పడుతుంది. బూడిద రంగులో ఉన్న చొక్కా ఖాకీయో, నీలమో, పసుపో ఎవరు చెప్పగలరు?

ముందే గమనించి ఉండాల్సింది. చొక్కా గుండీలు మసకగా ఉన్నాయి, కనురెప్పల వెంట్రుకలు మాత్రం లెక్కపెట్టేలా ఉన్నాయి. ఒకే ఫోటోలో అలా ఎలా ఉంటుంది? పై వరసలో ముగ్గురికి ఒకే పలువరస. అమ్మమ్మ చూపించిన ఆయన అసలు ప్రింటులో నవ్వడమే లేదు, నోరు మూసుకుని ఉన్నారు.

2021లో కంబోడియాలోనూ ఇలాగే జరిగింది. 1970ల్లో ఖ్మేర్ రూజ్ పాలనలో టువోల్ స్లెంగ్ జైల్లో పెట్టి చంపినవాళ్ల ఫోటోలకు ఒకతను రంగులు వేస్తూ కొందరి ముఖాలకు నవ్వులు పెట్టాడు. అక్కడి ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వాటిని తీసేశారు. అప్పుడు ఆ వార్త చదివి కూడా మన ఇంటి ఫోటోకి ఇలా అవుతుందని నాకు తట్టలేదు.

నిన్న ఆ స్కాన్‌ను పెద్ద తెర మీద అమ్మమ్మకి చూపించాం. చెవి చూసి తలూపింది. కానీ ముఖం పోల్చుకోలేకపోతోంది. "మరి ఆ నవ్వేవాడు ఎవర్రా?" అని రాత్రి మూడుసార్లు అడిగింది. ఆవిడ మనసులో ఇప్పుడు ఆ ముఖమే ఉంది.

ఎవరికైనా ఇచ్చేటట్టయితే ముందు అసలు ప్రింటును 1200 డీపీఐలో స్కాన్ చేయించి దాచుకోండి. గీతలు, చిరుగులు మాత్రమే సరిచేయమని, ముఖాల జోలికి వెళ్లొద్దని రాతపూర్వకంగా చెప్పండి. పెద్దవాళ్లకి మాత్రం మొదట ఆ మార్చని స్కానే చూపించండి.